మెయిల్‌కి ఒక పీడీఎఫ్, ప్రెస్సుకి ఒక పీడీఎఫ్: బొమ్మల రిజల్యూషన్, కంప్రెషన్ ఎంత పెట్టాలి?

బెంగళూరులోని ఒక తెలుగు సంఘం ఉగాదికి 24 పేజీల ఏ4 సంచిక వేస్తోందనుకుందాం. లిబ్రెఆఫీస్ రైటర్‌లో పేజీలు కట్టారు. లోపల ఫోనుతో తీసిన ఫోటోలు 40 ఉన్నాయి, దుకాణాల వాళ్ళిచ్చిన ప్రకటనలు నాలుగైదు ఉన్నాయి, చందా కట్టడానికి చివరి పేజీలో ఒక క్యూఆర్ కోడ్ ఉంది. ఇదే సంచిక రెండు చోట్లకు వెళ్ళాలి. ఒకటి సభ్యుల మెయిల్‌కి. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసులో కూర్చున్నవాళ్ళూ, అనంతపురంలో ఉన్న అమ్మానాన్నలూ అందరూ ఫోన్లోనే తెరుస్తారు. రెండోది అవెన్యూ రోడ్డు పక్క సందులోని ప్రెస్సుకి.

చాలామంది ఒకే పీడీఎఫ్ చేసి రెండు చోట్లకూ పంపుతారు. మెయిల్‌కి చేసింది ప్రెస్సుకి ఇస్తే ఫోటోలు మసకబారతాయి. ప్రెస్సుకి చేసింది మెయిల్లో పెడితే ఆఫీసు మెయిళ్ళ దగ్గర తిరిగొస్తుంది. రెండూ ఒకే మూల ఫైలు నుంచి విడివిడిగా తీయాలి. ముందు అంకెలు చెప్పి, అవే ఎందుకో తర్వాత చెబుతాం. మెయిల్‌కి 150 డీపీఐ, అంటే పేజీ మీద అంగుళానికి 150 పిక్సెళ్ళు, జేపెగ్ నాణ్యత 80. ప్రెస్సుకి 300 డీపీఐ, జేపెగ్ నాణ్యత 90 నుంచి 95. ఈ అంకెలు ఫోటోలకు సరిపోతాయి. అక్షరాలున్న బొమ్మలకు సరిపోవు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

సెట్టింగు ఉండేది ఇక్కడ: File > Export As > Export as PDF నొక్కితే వచ్చే పెట్టెలో General ట్యాబు, అందులో Images భాగం. Lossless compression, JPEG compression అని రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. జేపెగ్ ఎంచుకుంటే Quality శాతం అడుగుతుంది. దాని కింద Reduce image resolution to అని టిక్కు పెట్టే గడి, పక్కన 75, 150, 300, 600, 1200 డీపీఐ వరుస. ఎవరూ ముట్టుకోకపోతే నాణ్యత 90, 300 డీపీఐ ఉంటాయి. అంటే అది దాదాపు ప్రెస్సు సెట్టింగే. మెయిల్‌కి మార్చుకోవాల్సింది మనమే.

డీపీఐ బొమ్మలో ఉండదు, పేజీ మీద ఉంటుంది

ఫోను ఫోటో 4000×3000 పిక్సెళ్ళు. దానికి ఇన్ని డీపీఐ అని విడిగా చెప్పడంలో అర్థం లేదు. పేజీ మీద ఎన్ని సెంటీమీటర్లలో పరిచామన్నదాన్ని బట్టే ఆ లెక్క తేలుతుంది. పది సెంటీమీటర్ల వెడల్పులో పెట్టామనుకోండి. పది సెంటీమీటర్లంటే 3.94 అంగుళాలు. 4000ని 3.94తో భాగిస్తే అంగుళానికి 1016 పిక్సెళ్ళు వస్తాయి. ప్రెస్సుకి కావలసినదానికి మూడింతలకు పైనే.

ఇప్పుడు 300 డీపీఐకి తగ్గించమంటే లిబ్రెఆఫీస్ ఆ ఫోటోను 1181×886 పిక్సెళ్ళకు కుదిస్తుంది. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళలో సుమారు పదిన్నర లక్షలు మిగులుతాయి. 150 డీపీఐ అంటే 591×443, రెండు లక్షల అరవై వేలు. డీపీఐ సగమైతే పిక్సెళ్ళు పావువంతవుతాయి, ఎందుకంటే అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా సగం పోతుంది. అందుకే ఫైలు సైజు తగ్గించాలంటే నాణ్యత శాతం కంటే ముందు డీపీఐ మీద చెయ్యి వెయ్యాలి.

మన 40 ఫోటోలూ పది సెంటీమీటర్లవే అనుకుని లెక్క వేద్దాం. పది లక్షల పిక్సెళ్ళ ఫోటో 90 నాణ్యతలో సుమారు 0.35 ఎంబీ, 75-80 నాణ్యతలో సుమారు 0.2 ఎంబీ పడుతుంది. ఆకులూ జరీ పనీ ఉన్న ఫోటో ఎక్కువ తింటుంది, ఖాళీ గోడ ఉన్నది తక్కువ. ఆ మేరకు అటూ ఇటూ అవుతుంది. 300 డీపీఐ, 90 నాణ్యతతో మొత్తం 15 ఎంబీ దాకా వస్తుంది. 150 డీపీఐ, 80 నాణ్యతతో రెండు మూడు ఎంబీల్లో ముగుస్తుంది. మధ్యేమార్గంగా 300 డీపీఐ ఉంచి నాణ్యత మాత్రం 75కి దించితే ఎనిమిది ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా గుర్తుండాలి. ఆ సెట్టింగు పేరులోనే Reduce అని ఉంది. అది తగ్గిస్తుందే గాని పెంచదు. పేజీ మీద 100 డీపీఐకే సరిపోయే చిన్న బొమ్మను 300 పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసినా అది 100గానే వెళుతుంది. "300 పెట్టాం కదా, ఎందుకు మసకగా వచ్చింది" అని ప్రెస్సుతో జరిగే వాదనలు చాలామటుకు ఇక్కడ పుట్టినవే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. దాన్ని పది సెంటీమీటర్లలో పెడితే 406 వస్తుంది, దిగులు లేదు. అదే ఫోటో ముఖచిత్రంగా 18 సెంటీమీటర్లకు లాగితే 226కి పడిపోతుంది. ఇంకా రెండు చేతులు మారి 720 పిక్సెళ్ళై వచ్చిందైతే ముఖచిత్రం మీద 102, ఇక ప్రెస్సుకి పనికిరాదు. ఫోటోలు అడిగేటప్పుడే వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి కాకుండా Document ఎంచుకుని పంపమని చెప్పాలి. అలా పంపితే మూల ఫైలు కుదించకుండా వస్తుంది.

రైటర్‌లో బొమ్మ మీద కుడి క్లిక్ చేసి Compress అన్నది తెరిస్తే మూల పిక్సెళ్ళూ, పేజీ మీద ఉన్న సైజూ, ఆ సైజులో డీపీఐ ఎంతో కనిపిస్తాయి. చూసి Cancel కొట్టండి. అక్కడ OK కొడితే మార్పు మూల ఫైలులోనే జరుగుతుంది, తీసేసిన పిక్సెళ్ళు మళ్ళీ రావు. కుదింపు పీడీఎఫ్ తీసేటప్పుడే జరగాలి. మూల ఫైలు 140 ఎంబీ ఉన్నా ఉండనివ్వండి.

మెయిల్‌కి 150 ఎందుకు, 75 ఎందుకు వద్దు

మామూలు ఫోను తెర వెడల్పు 1080 పిక్సెళ్ళు. ఏ4 పేజీ వెడల్పు 8.27 అంగుళాలు. పేజీ మొత్తం తెరకు సరిపడేలా చూస్తే తెర చూపించగలిగేది అంగుళానికి 131 పిక్సెళ్ళే. 150 పెడితే ఆ చూపుకి సరిపోయి కాస్త మిగులుతుంది కూడా. వేళ్ళతో కొంచెం పెద్దది చేసి చూస్తే ఫోటో స్వల్పంగా మెత్తబడుతుంది, మొహాలు మాత్రం గుర్తుపట్టవచ్చు. 75 పెడితే అంగుళానికి 131 కావలసిన చోట 75 మాత్రమే ఉంటాయి, పేజీ తెరవగానే గ్రూపు ఫోటోలో మొహాలు కలిసిపోతాయి. 75తో మిగిలేది కూడా ఒకటి రెండు ఎంబీలే. దానికోసం అది పెట్టకండి.

మెయిల్ పరిమితి లెక్క వేరే. జీమెయిల్ 25 ఎంబీ అంటుంది. కానీ అటాచ్‌మెంటు ప్రయాణంలో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలుగా మారతాయి, కాబట్టి ఫైలు మూడోవంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ ఫైలు దారిలో 24 దాటుతుంది. ఆఫీసు మెయిళ్ళకు పది ఎంబీ పరిమితి ఉండటం మామూలే. అంటే మన దగ్గర ఫైలు ఏడు ఎంబీ దాటకూడదు. ఇందాకటి మధ్యేమార్గం ఎనిమిది ఎంబీ పది దాటిపోయేది ఇందుకే. జీమెయిల్ వాళ్ళందరికీ చేరి, ఆఫీసు అడ్రసు ఇచ్చినవాళ్ళకు మాత్రమే తిరిగొస్తే కారణం ఇదేనేమో చూసుకోండి.

ప్రెస్సుకి 300 ఎక్కడినుంచి వచ్చింది

ఆఫ్‌సెట్ ముద్రణలో ఫోటో చుక్కలుగా మారుతుంది. ఆ చుక్కల వరుసలు ఆర్ట్ పేపర్ మీద అంగుళానికి 150 ఉండటం మామూలు. ఒక్కో చుక్క వరుసకు ఒకటిన్నర నుంచి రెండు పిక్సెళ్ళు ఉంటే ఫోటో నిండుగా వస్తుంది. 150ని రెండుతో గుణిస్తే 300. అంతకు మించి ఇచ్చినా ప్లేటు చేసేటప్పుడు ఆ వివరం చుక్కల్లో కలిసిపోతుంది. 600 పెడితే మన ఫైలు 15 నుంచి 60 ఎంబీ దరిదాపులకు పోతుంది, కాగితం మీద తేడా కనిపించదు. ప్రింటరు మీద 1200 డీపీఐ అని రాసి ఉంటుంది చూడండి, అది సిరా చుక్కల లెక్క. దాన్ని చూసి బొమ్మకు 1200 పెట్టకూడదు.

లోపలి పేజీలు మాప్‌లితో కాగితం మీద వేస్తుంటే చుక్కల వరుసలు 133కి తగ్గవచ్చు. అప్పుడు 200 ఉన్న ఫోటో కూడా నిలబడుతుంది. అంటే వాట్సాప్‌లో వచ్చిన ఆ 226 ముఖచిత్రం ఆర్ట్ పేపర్ మీద కాస్త మెత్తగా ఉంటుంది గాని పారేయాల్సిన పని లేదు. 150 కంటే కిందికి వస్తే మాత్రం సైజు తగ్గించి పెట్టండి, లేదా ఫోటో మార్చండి.

ఇక Lossless సంగతి. ప్రెస్సుకి కదా, ఏమీ పోకూడదు అని కొందరు దీన్ని ఎంచుకుంటారు. ఫోటోల విషయంలో ఇది దండగ. ఫోను తీసినప్పుడే ఫోటో జేపెగ్‌గా కుదిసింది. అప్పుడు పోయినదాన్ని Lossless తిరిగి తేలేదు. 300 డీపీఐ దగ్గర 40 ఫోటోలూ Lossless అయితే 60 నుంచి 80 ఎంబీ అవుతుంది. 90-95 నాణ్యత జేపెగ్‌కీ దానికీ అచ్చులో తేడా ఎవరూ పట్టలేరు.

అక్షరాలున్న బొమ్మలు

రైటర్‌లో టైపు చేసిన తెలుగు పీడీఎఫ్‌లోకి ఫాంటుతో సహా గీతలుగా వెళుతుంది. 75 డీపీఐ పెట్టినా ఆ అక్షరాలకు ఏమీ కాదు, ఎంత పెద్దది చేసినా అంచు చెక్కినట్టు ఉంటుంది. ఈ సెట్టింగులన్నీ బొమ్మలకే. చిక్కు ఎక్కడంటే, దుకాణాల ప్రకటనలు బొమ్మలుగానే వస్తాయి. అను ఫాంట్లలో కంపోజ్ చేయించి జేపెగ్‌గా తీసి పంపుతారు. అందులోని తెలుగు మన కంటికి తెలుగే, కంప్యూటరుకి మాత్రం అదీ ఒక ఫోటోయే.

ఆ ప్రకటన అడుగున అడ్రసూ షరతులూ 7 పాయింట్ల అక్షరాల్లో ఉన్నాయనుకోండి. పాయింటంటే అంగుళంలో 72వ వంతు. 150 డీపీఐలో 7 పాయింట్లకు 15 పిక్సెళ్ళ ఎత్తు దొరుకుతుంది. తలకట్టు, అక్షరం, ఒత్తు మూడూ అందులోనే సర్దుకోవాలి. ఒత్తుకి నాలుగైదు పిక్సెళ్ళు మిగులుతాయి. 'ద'ని 'ధ' చేసే కింది గీతకు ఒక్క పిక్సెల్ దక్కితే గొప్ప. 'ప'కీ 'వ'కీ తేడా చూపించేది తలకట్టు దగ్గర చిన్న ఖాళీ, అది పూడుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు 15 పిక్సెళ్ళలో చదవగలిగేలా ఉంటాయి గాని తెలుగుకి అది చాలదు. 300 అయితే 29 పిక్సెళ్ళు, ఒత్తులు విడివిడిగా నిలుస్తాయి.

దీనిమీద జేపెగ్ చేసే పని వేరే. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా కోసి ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. మొహం, చీర మడత, ఆకాశం లాంటివి గడిలో నెమ్మదిగా మారతాయి కాబట్టి బాగా కుదుస్తాయి. తెల్లమీద నల్ల అక్షరం ఒక్కసారిగా మారుతుంది. నాణ్యత తగ్గించినకొద్దీ ఆ గడిలో అక్షరం చుట్టూ బూడిదరంగు మచ్చలు పోగవుతాయి, చీమలు పట్టినట్టు కనిపిస్తుంది. ఎర్ర అక్షరాలు పసుపు మీద ఉంటే ఇంకా ఘోరం, ఎందుకంటే నాణ్యత తగ్గినప్పుడు జేపెగ్ సాధారణంగా రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే ముతకగా దాస్తుంది. మన ప్రకటనల్లో సగం ఎరుపూ పసుపులే.

లిబ్రెఆఫీస్ ఫోటోలకు ఒక సెట్టింగూ ప్రకటనలకు ఇంకోటీ పెట్టనివ్వదు, పత్రం మొత్తానికి ఒకటే. కాబట్టి దారి సెట్టింగులో దొరకదు, ప్రకటనలోనే వెతకాలి. చిన్న అక్షరాల భాగం కత్తిరించి, ఆ నాలుగు లైన్లూ రైటర్‌లో టెక్స్ట్ ఫ్రేములో యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడం అన్నిటికన్నా మంచిది. పది నిమిషాల పని, మెయిల్‌లోనూ అచ్చులోనూ చక్కగా వస్తుంది. దుకాణం వాళ్ళ దగ్గర లోగో ఎస్‌వీజీగా ఉంటే అది అడిగి పెట్టండి, గీతలుగానే వెళుతుంది. రెండూ కుదరకపోతే మెయిల్ ఫైలుకి కూడా 300 డీపీఐ, 75 నాణ్యత పెట్టి, ఎనిమిది ఎంబీని డ్రైవ్ లింకుగా పంపడం మేలు. అక్షరాల విషయంలో మొదట కాపాడాల్సింది డీపీఐ, నాణ్యత దాని తర్వాత.

క్యూఆర్ కోడ్‌దీ ఇదే కథ, కాకపోతే ఇక్కడ తప్పు డబ్బు దగ్గర బయటపడుతుంది. 41 గళ్ళ క్యూఆర్‌కి చుట్టూ నాలుగేసి గళ్ళ తెల్ల అంచు కలిపితే వెడల్పు 49 గళ్ళు. దాన్ని రెండున్నర సెంటీమీటర్లలో పెడితే 75 డీపీఐలో 74 పిక్సెళ్ళు, గడికి ఒకటిన్నర. నల్లవీ తెల్లవీ బూడిదగా కలిసిపోయి కెమెరా పట్టదు. 150లో గడికి మూడు, పనిచేస్తుంది. 300లో ఆరు, నిశ్చింత. మెయిల్ చూసేవాళ్ళు ఆ ఫోనులోనే ఉన్న కోడ్‌ని అదే ఫోను కెమెరాతో స్కాన్ చేయలేరు కాబట్టి మెయిల్ కాపీలో దాని పక్కన యూపీఐ ఐడీ అక్షరాల్లో ఇవ్వడం కూడా అవసరమే.

వర్డ్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక

విండోస్ వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు Standard, Minimum size అని రెండే కనిపిస్తాయి. మొదటిది ప్రెస్సుకి, రెండోది మెయిల్‌కి. అయితే అంతకుముందే ఒక ఉచ్చు ఉంది. పత్రాన్ని సేవ్ చేసిన ప్రతిసారీ వర్డ్ తనంతట తానే బొమ్మల్ని కుదించవచ్చు. File > Options > Advanced లో Image Size and Quality దగ్గర Do not compress images in file కి టిక్కు పెట్టాలి, అదీ ఫోటోలు పెట్టడం మొదలుపెట్టకముందే. కుదిసిపోయాక పెట్టిన టిక్కు పోయిన పిక్సెళ్ళను తేదు.

పంపేముందు తనిఖీ

కంటితో చూడాలంటే ప్రెస్సు పీడీఎఫ్‌ని మామూలు మానిటర్ మీద 300 శాతానికి పెద్దది చేయండి. అప్పుడే 300 డీపీఐ బొమ్మలోని ఒక్కో పిక్సెల్ తెరమీద దాదాపు ఒక్కో పిక్సెల్‌గా కనిపిస్తుంది. 100 శాతంలో అన్ని బొమ్మలూ బాగానే ఉన్నట్టు ఉంటాయి. ఖచ్చితంగా తెలియాలంటే పాప్లర్ అనే ఉచిత పీడీఎఫ్ పనిముట్లలోని ఈ ఆదేశం టెర్మినల్‌లో వాడండి:

```
pdfimages -list sanchika-press.pdf
```

వచ్చే వరుసల్లో మనకు కావలసినవి ఇలా ఉంటాయి:

```
page num type  width height enc  x-ppi y-ppi size
   3   0 image  1181    886 jpeg   300   300 371K
  11   7 image  1280    904 jpeg   191   191 210K
```

(మధ్యలోనూ చివరా ఉండే కొన్ని నిలువు వరుసలు ఇక్కడ తీసేశాం.) మూడో పేజీ ఫోటో అనుకున్నట్టే 300కి వచ్చింది. పదకొండో పేజీలోది బట్టల దుకాణం ప్రకటన, అర పేజీ, 17 సెంటీమీటర్ల వెడల్పు. ఆ బొమ్మే 1280 పిక్సెళ్ళది కాబట్టి 191 దగ్గర ఆగిపోయింది. అదే ఫోటో అయితే మాప్‌లితో మీద వదిలేయవచ్చు. ఇందులో 7 పాయింట్ల తెలుగు ఉంది, ఒక్కో అక్షరానికి 19 పిక్సెళ్ళు కూడా లేవు. పైగా పంపినవాళ్ళ దగ్గరే ఒకసారి జేపెగ్ మచ్చలు పడి వచ్చింది.

దీనికి చేయగలిగినవి మూడు. కంపోజ్ చేసినవాళ్ళ దగ్గర మూల ఫైలు ఉంటుంది, దాన్నుంచి 17 సెంటీమీటర్లకు 300 డీపీఐ లెక్కన, అంటే కనీసం 2008 పిక్సెళ్ళ వెడల్పుతో, పీఎన్‌జీగా మళ్ళీ తీసి పంపమనండి. దొరక్కపోతే అడ్రసు లైన్లు రైటర్‌లో టైపు చేసి, పైన చీరల ఫోటో మాత్రం పాతదే ఉంచండి. అదీ వద్దంటే ప్రకటన వెడల్పు 10.8 సెంటీమీటర్లకు తగ్గించాలి, అప్పుడే 1280 పిక్సెళ్ళు 300 అవుతాయి. కానీ అక్షరాలు కూడా అంత చిన్నవవుతాయి, 7 పాయింట్లు నాలుగున్నరకు పడతాయి. అర పేజీకి డబ్బు కట్టిన దుకాణం వాళ్ళు దానికి ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అందుకే ప్రెస్సుకి ఇచ్చే తేదీకి వారం ముందే ఈ ఆదేశం ఒకసారి నడిపి, తక్కువ వచ్చిన ప్రకటనల పేజీ నంబర్లతో దుకాణాలకు ఫోన్ చేయండి.